మూడు ఇంజన్ల బొమ్మ విమానం: పేరు చెప్పేది తోకే

ఈ శీర్షికకు గత మాసం ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. ఆమె మామగారు జిద్దాలో చాలాకాలం ఉద్యోగం చేశారు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక. 1983లో సెలవుపై వచ్చినప్పుడు ఆయన తెచ్చిన లోహపు బొమ్మ విమానం ఒకటి నేటికీ వారి ఇంటి అల్మారాలో ఉన్నది. రంగు చాలావరకు రాలిపోయింది. పక్కన ఒక ఆకుపచ్చ చార మాత్రం అక్కడక్కడ మిగిలింది. అడుగు భాగాన అక్షరాలున్న గుర్తులు కనిపిస్తున్నాయి గాని చదవడానికి వీలు లేదు.

ఆ సోదరి కుమారునికి పాఠశాలలో ఒక పని ఇచ్చారు. ఇంటి పెద్దలకు చెందిన ఒక వస్తువును తెచ్చి, దాని పేరు, కథ ఒక అట్టముక్కపై వ్రాసి తరగతిలో చెప్పాలి. అబ్బాయి ఈ విమానాన్నే ఎంచుకున్నాడు. చిక్కు అక్కడే మొదలైంది. దాదీ అది జంబో అంటున్నారు. చిన్న చాచా తన ఫోనులో ఒక చిత్రం చూపించి డిసి-10 అంటున్నారు. "మా బాబు పదిమంది ముందు నిలబడి తాతగారి గురించి చెప్పబోతున్నాడు. ఊహించినదాన్ని నిజమని చెప్పడం నాకు ఇష్టం లేదు. బొమ్మను చూసి పేరు తేల్చే మార్గం ఏదైనా ఉన్నదా?" అన్నది ఆమె ప్రశ్న.

మార్గం ఉన్నది. మేము ఆమెను నాలుగు ఫోటోలు పంపమని కోరాము. పైనుండి ఒకటి, ఎదుటినుండి ఒకటి, సరిగ్గా పక్కనుండి ఒకటి, వెనుకనుండి ఒకటి. అవి చేరిన తరువాత మేము ఏ వరుసలో చూశామో, ఎక్కడ పొరపడబోయామో ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఇటువంటి బొమ్మలు గల్ఫ్ దేశాలలో పనిచేసి వచ్చిన వారి ఇళ్ళలో ఇంకా ఎన్నో ఉండవచ్చు.

మొదట వేటిని నమ్మరాదో చెప్పుకుందాము. రంగును నమ్మరాదు. బొమ్మలు తయారుచేసేవారు ఒకే అచ్చులో పోసిన విమానానికి పలు విమాన సంస్థల రంగులు వేసి అమ్ముతారు. ఆ సంస్థ ఆ రకం విమానాన్ని నిజంగా నడిపిందా లేదా అన్న పట్టింపు అందరికీ ఉండదు. పైగా ఈ బొమ్మ విషయంలో ఆకుపచ్చ చార రెండు వైపులకూ లాగుతుంది. సౌదియా సంస్థ 1975 నుండి ట్రైస్టార్ అనే మూడు ఇంజన్ల విమానాలను నడిపింది. వాటిపై ఆకుపచ్చ రంగు ఉండేది. దాదాపు అదే కాలంలో పాకిస్తాన్ జాతీయ విమాన సంస్థ డిసి-10 అనే మరొక మూడు ఇంజన్ల విమానాన్ని నడిపింది. దానిపైనా ఆకుపచ్చ రంగే. కాబట్టి ఆ చారను చూసి ఏమీ తేల్చలేము.

పొడవును కూడా నమ్మరాదు. సోదరి స్కేలు పెట్టి కొలిచి బొమ్మ పదకొండు సెంటీమీటర్లు ఉన్నదని వ్రాశారు. ట్రైస్టార్ తొలి నమూనా పొడవు సుమారు 54 మీటర్లు. డిసి-10 పొడవు సుమారు 55 మీటర్లు. అసలు విమానంలో ఐదువందలవ వంతుగా బొమ్మను చేశారనుకుంటే ఒకటి పది సెంటీమీటర్ల ఎనిమిది మిల్లీమీటర్లు వస్తుంది, రెండవది పదకొండు సెంటీమీటర్లు వస్తుంది. తేడా రెండు మిల్లీమీటర్లు. చేతిలో పట్టే లోహపు బొమ్మలో ముక్కు కొద్దిగా అరిగినా ఆ తేడా మాయమవుతుంది. అంతేగాక బొమ్మను ఎన్నో వంతుగా చేశారో దానిపై వ్రాసి లేనప్పుడు కొలతకు ఆధారమే లేదు. డెబ్బై మీటర్ల జంబోను సైతం పదకొండు సెంటీమీటర్లకు కుదించి పోయవచ్చు.

ఇక నమ్మదగినవి మూడు. రెక్కలు దేహానికి ఎక్కడ అతుక్కున్నాయి? ఇంజన్లు ఎన్ని, ఎక్కడ ఉన్నాయి? తోక ఎలా ఉన్నది? బొమ్మ తయారుచేసేవాడు రెక్కను కొంచెం మందంగా చేయవచ్చు, ఇంజన్‌ను కొంచెం లావుగా చేయవచ్చు. కాని అసలు విమానాన్ని చూసి చేసిన బొమ్మలో ఇంజన్ల సంఖ్యను, వాటి స్థానాన్ని సాధారణంగా మార్చడు. అవి మారితే బొమ్మ ఆ విమానంలా కనిపించదు.

మొదటి చూపు రెక్కలపై. ఎదుటినుండి చూసినప్పుడు రెక్కలు దేహానికి పైభాగాన ఉన్నాయా, అడుగు భాగాన ఉన్నాయా అన్నది గమనించాలి. మన చిన్న పట్టణాలకు తిరిగే ఎటిఆర్-72 విమానానికి రెక్కలు పైన ఉంటాయి. కిటికీ పక్కన కూర్చున్నవారికి రెక్క తలపై గొడుగులా కనిపిస్తుంది. పెద్ద ప్రయాణికుల జెట్ విమానాలలో చాలావాటికి రెక్కలు అడుగున ఉంటాయి. మన బొమ్మకు రెక్కలు అడుగునే ఉన్నాయి, వెనుకకు బాగా వాలి ఉన్నాయి. కనుక ఇది జెట్ విమానపు బొమ్మ అన్నంత వరకు తెలిసింది. అంతకు మించి రెక్కలు ఇక్కడ ఏమీ చెప్పవు. ఎందుకంటే ట్రైస్టార్ రెక్కలూ డిసి-10 రెక్కలూ పైనుండి చూస్తే అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. వాలు దాదాపు ఒకటే. చివరనుండి చివరకు వెడల్పు ట్రైస్టార్ తొలి నమూనాకు 47 మీటర్లు. డిసి-10లో తొలి రకానికి అంతే, తరువాతి రకానికి 50 మీటర్లు.

రెక్కల కొనలను మాత్రం ఒకసారి చూడాలి. కొనల వద్ద పైకి లేచిన చిన్న రెక్క ముక్కలు ఉంటే, మూడు ఇంజన్ల పెద్ద విమానాలలో అది ఎండి-11 అవుతుంది. డిసి-10 తరువాత అదే సంస్థ దానిని పొడిగించి చేసిన విమానం అది. 1990 చివరిలో సేవలోకి వచ్చింది. మన బొమ్మ 1983లోనే ఇంటికి చేరింది గనుక ఆ అవకాశం లేదు. అయినా కొనలను చూశాము. రెండూ నున్నగా ఉన్నాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాత బొమ్మలలో ఆ చిన్న ముక్కలే ముందుగా విరిగిపోతాయి. కాబట్టి అవి లేకపోవడాన్ని చూసి తొందరపడి తీర్పు చెప్పరాదు. విరిగినచోట లోహం గరుకుగా, రంగు లేకుండా ఉన్నదా అన్నది వేలితో తడిమి చూడాలి.

రెండవ చూపు ఇంజన్లపై. పైనుండి తీసిన ఫోటోలో ఒక్కొక్క రెక్క కింద ఒక్కొక్క ఇంజన్ ముందుకు పొడుచుకొని ఉన్నది. పక్కనుండి తీసిన ఫోటోలో తోక మొదట మూడవ ఇంజన్ నోరు కనిపించింది. దీనితో దాదీగారి మాట తేలిపోయింది. జంబో అని ప్రజలు పిలిచే బోయింగ్ 747కు రెక్కల కింద నాలుగు ఇంజన్లు ఉంటాయి, తోకలో ఏమీ ఉండదు. దాని ముందు భాగాన పై అంతస్తు మూపురంలా లేచి ఉంటుంది. ఈ బొమ్మకు మూపురమూ లేదు. అయితే దాదీగారిని తప్పుపట్టనవసరం లేదు. ఆ తరం వారిలో చాలామంది పెద్ద విమానాన్నల్లా జంబో అనే పిలిచేవారు. ఆ మాట విమానం పేరుగా కాక, పరిమాణాన్ని తెలిపే మాటగా వాడుకలో ఉండేది.

మూడు ఇంజన్లు అనగానే పేరు తేలిపోదు. మూడూ ఎక్కడెక్కడ ఉన్నాయో చూడాలి. బోయింగ్ 727కు కూడా మూడు ఇంజన్లే. కాని వాటిలో రెండు రెక్కల కింద గాక, దేహపు వెనుక భాగానికి రెండు చెంపల అతుక్కొని ఉంటాయి. రెక్కలు ఖాళీగా ఉంటాయి. దాని తోకకు అడ్డంగా ఉండే చిన్న రెక్క నిలువు తోక శిఖరాన, ఆంగ్ల అక్షరం 'టి' ఆకారంలో కూర్చుంటుంది. రష్యాలో తయారైన టియు-154 అమరిక కూడా ఇటువంటిదే. మన బొమ్మలో రెండు ఇంజన్లు రెక్కల కింద ఉన్నాయి, అడ్డ తోక కింద దేహానికే అతుక్కొని ఉన్నది. కనుక ఆ కుటుంబమంతా పక్కకు తప్పుకున్నది. మిగిలినవి రెండే: లాక్‌హీడ్ సంస్థవారి ట్రైస్టార్, మెక్‌డొనెల్ డగ్లస్ సంస్థవారి డిసి-10.

ఈ రెండూ ఒకే అవసరం కోసం ఒకే కాలంలో పుట్టిన విమానాలు. డిసి-10 మొదటిసారి 1970 ఆగస్టులో ఎగిరింది, ట్రైస్టార్ అదే సంవత్సరం నవంబరులో ఎగిరింది. రెండింటికీ వెడల్పైన దేహం, లోపల రెండు నడవాలు, రెక్కల కింద రెండు ఇంజన్లు, తోక వద్ద ఒకటి. చిన్న చాచా పొరపాటు పడ్డారా లేదా అన్నది తేల్చడానికి ఇక మిగిలినది ఆ మూడవ ఇంజన్ ఒక్కటే.

తోక వద్ద ఇంజన్ పెట్టడంలో ఒక ఇబ్బంది ఉన్నది. ఇంజన్‌కు ముందునుండి గాలి కావాలి, వెనుకనుండి వేడిగాలి వెడలాలి. కాని దాని ముందు విమాన దేహం అడ్డుగా ఉన్నది. ఈ ఇబ్బందిని రెండు సంస్థలు రెండు విధాలుగా తీర్చుకున్నాయి.

డగ్లస్ సంస్థవారు ఇంజన్‌ను దేహం పైకి ఎత్తి పెట్టారు. ముందు నోరు, లోపల ఇంజన్, వెనుక గొట్టం, అంతా ఒకే సరళరేఖలో ఉంటుంది. గాలి వంకర తిరగకుండా నేరుగా లోనికి పోతుంది. నిలువు తోకలోని పెద్ద భాగం ఆ గొట్టంపై నిలబడుతుంది. పక్కనుండి చూస్తే నిలువు తోక మధ్యలోంచి ఒక పీపాను దూర్చినట్లు కనిపిస్తుంది. దేహపు చివర ఆ పీపా కింద విడిగా సన్నబడి ముగుస్తుంది. దీనివలన లాభమూ ఉన్నది, నష్టమూ ఉన్నది. గాలి మార్గం సూటిగా ఉండటం లాభం. బరువైన ఇంజన్ అంత ఎత్తున ఉండటం, దాన్ని మరమ్మతు చేసేవారు అంత ఎత్తుకు ఎక్కవలసి రావడం నష్టం.

లాక్‌హీడ్ సంస్థవారు ఇంజన్‌ను దేహపు చివరి భాగం లోపలనే దాచారు. గాలి పీల్చే నోటిని మాత్రం దేహం పైన, నిలువు తోకకు ముందు పెట్టారు. ఆ నోటినుండి గాలి కిందికి వంగి, మళ్ళీ తిన్నగా అయి ఇంజన్‌కు చేరుతుంది. ఆ మార్గం పక్కనుండి ఊహించుకుంటే ఆంగ్ల అక్షరం 'ఎస్'ను పడుకోబెట్టినట్లు ఉంటుంది. వేడిగాలి దేహపు చిట్టచివరనుండి బయటపడుతుంది. అంటే నోరు పైన, గొట్టం కింద. నిలువు తోక ఆ నోటి వెనుకనుండి ఏకంగా పైకి లేస్తుంది. మధ్యలో పీపా కనిపించదు.

ఇప్పుడు పరీక్ష చాలా సులభం. బొమ్మను బల్లపై పెట్టి కన్ను దాని ఎత్తుకు దించి సరిగ్గా పక్కనుండి చూడాలి. ఒక స్కేలును దేహానికి సమాంతరంగా, తోక మొదట ఉన్న ఇంజన్ నోటి నడిమికి అంచు తగిలేటట్లు పట్టుకోవాలి. ఆ అంచు వెంట చూపును వెనుకకు పోనివ్వాలి. అంచు వెనుక గొట్టం నడుమకే చేరితే అది డిసి-10. అంచు నిలువు తోకను దాటి గాలిలోకి పోయి, గొట్టం దానికి బాగా కింద, దేహపు కొసలో ఉంటే అది ట్రైస్టార్.

సోదరి పంపిన పక్క ఫోటోపై మేము ఈ పరీక్షే చేశాము. మొదట తప్పు ఫలితం వచ్చింది. ఫోటో సరిగ్గా పక్కనుండి గాక కొంచెం పైనుండి, ముందునుండి తీసినది. అందువలన గొట్టం నిలువు తోక చాటుకు పోయింది. నోరు ఒక్కటే పెద్దదిగా కనిపించి, పీపా ఉన్నట్లే భ్రమ కలిగింది. చిన్న చాచా కూడా బహుశా ఇలాగే పొరపడి ఉంటారు. మరొక ఫోటో తీయమని కోరాము. ఈసారి బొమ్మ కింద రెండు పుస్తకాలు పెట్టి, ఫోనును బల్లకు ఆనించి తీశారు. అప్పుడు స్కేలు అంచు తోక మధ్యగుండా పోయి అవతల ఖాళీలోకి వెళ్ళింది. గొట్టం దానికి కింద కనిపించింది.

వెనుకనుండి తీసిన ఫోటో దానిని ధ్రువీకరించింది. డిసి-10ను వెనుకనుండి చూస్తే రెండు వేర్వేరు వస్తువులు ఒకదానిపై ఒకటి కనిపించాలి. పైన ఇంజన్ గొట్టపు గుండ్రని రంధ్రం, దాని కింద దేహం ముగిసే కొన. ట్రైస్టార్‌లో దేహం ముగిసే చోటే రంధ్రం ఉంటుంది. ఈ బొమ్మలో దేహపు కొసనే చిన్న గుంటగా తొలిచారు. దాని పైన మరే రంధ్రమూ లేదు. గుంటలో నల్లరంగు కూడా కొంచెం మిగిలి ఉన్నది.

ఇక్కడ మరొక ఆధారాన్ని కూడా చూడవచ్చు. కాని దానిని ఒక వైపు మాత్రమే వాడుకోవాలి. చక్రాల కాళ్ళు ఉన్న బొమ్మ అయితే తిరగేసి చూడాలి. డిసి-10లో దూర ప్రయాణాలకు చేసిన 30వ రకానికి ముందు ఒక కాలు, రెక్కల వద్ద రెండు కాళ్ళతో పాటు పొట్ట నడుమ మరొక కాలు ఉంటుంది. ట్రైస్టార్‌కు ఆ నడిమి కాలు లేదు. కనుక నడిమి కాలు కనిపిస్తే ట్రైస్టార్ కాదని చెప్పవచ్చు. కనిపించకపోతే మాత్రం ట్రైస్టారే అని చెప్పలేము. డిసి-10 తొలి రకానికి అది లేదు, పైగా బొమ్మలవారు చిన్న కాళ్ళను తరచుగా వదిలేస్తారు. మన బొమ్మకు మూడు కాళ్ళే ఉన్నాయి. అది మన నిర్ణయానికి అడ్డు రాలేదు, కాని దానికి బలమూ చేకూర్చలేదు.

కొన్ని బొమ్మల విషయంలో ఏ పరీక్షా పనిచేయదు. చవకగా పోసిన ప్లాస్టిక్ బొమ్మలలో తోక ఇంజన్‌కు నోరు ఉంటుంది గాని వెనుక రంధ్రమే ఉండదు. కొన్నింటిలో నాలుగు ఇంజన్లు రెక్కల కింద, మరొకటి తోకలో ఉంటాయి. అటువంటి ప్రయాణికుల విమానం ఆకాశంలో లేదు. అది ఎవరో ఊహించి చేసిన బొమ్మ. దానికి పేరు వెతకడం వృథా. "ఇది ఏ విమానమూ కాదు" అన్నది కూడా సరైన జవాబే. పరిశీలనకు నిలబడే బొమ్మలో రెక్కలు, ఇంజన్లు, తోక మూడూ ఒకే విమానాన్ని చూపుతాయి. ఒకటి ఒక వైపు, మరొకటి మరొక వైపు లాగుతుంటే బొమ్మ అతుకుల బొంత అని అనుమానించాలి.

మేము ఆ సోదరికి ఇది ట్రైస్టార్ బొమ్మ అని వ్రాశాము. ఆమెనుండి వెంటనే మరొక ప్రశ్న వచ్చింది. "అయితే మామగారు వచ్చింది ట్రైస్టార్‌లోనేనా? బాబు అట్టపై అలా వ్రాయవచ్చునా?"

దీనికి మా జవాబు ఆమెను కొంత నిరాశపరచి ఉంటుంది. తోకను చూసి బొమ్మ ఏ విమానానిదో చెప్పగలము. ఆయన ఏ విమానం ఎక్కారో ఆ తోక చెప్పదు. ఆ సంవత్సరాలలో సౌదియా సంస్థ వద్ద ట్రైస్టార్లతో పాటు బోయింగ్ 747లు కూడా ఉండేవి. ఆయన జంబోలోనే వచ్చి ఉండవచ్చు, దాదీగారికి గుర్తున్న మాట అక్కడిది అయి ఉండవచ్చు. లేదా వేరొక సంస్థ విమానంలో వచ్చి, అంగడిలో కంటికి నచ్చిన బొమ్మను పిల్లల కోసం కొని ఉండవచ్చు. ఆయన పాత టికెట్టు గాని, ఆ ప్రయాణం గురించి వ్రాసిన ఉత్తరం గాని ట్రంకులో దొరికితే వెతకమన్నాము. దొరకకపోతే ఆ వాక్యాన్ని వ్రాయకుండా ఉండటమే మంచిదన్నాము. తాతగారి గురించి చెప్పే మాట కనుక దానికి సాక్ష్యం ఉండాలి.

పదిరోజుల తరువాత ఆమె మరొక ఫోటో పంపారు. టికెట్టు దొరకలేదట. అల్మారాలోని బొమ్మ పక్కన అబ్బాయి చేతివ్రాతతో ఒక అట్టముక్క నిలబెట్టి ఉన్నది. దానిపై ఇలా వ్రాసి ఉన్నది: "ఇది లాక్‌హీడ్ ట్రైస్టార్ విమానపు బొమ్మ. మూడవ ఇంజన్ గాలి పీల్చే నోరు పైన, వేడిగాలి వెడలే గొట్టం దేహం చివర ఉన్నాయి కాబట్టి ఇది డిసి-10 కాదు. మా దాదా 1983లో జిద్దా నుండి మా అబ్బా కోసం తెచ్చారు. ఆయన ఏ విమానంలో వచ్చారో మాకు తెలియదు."